వెనక్కి మార్చి చూసినా తప్పు ఎందుకు దొరకట్లేదు? బైనరీ, ఆక్టల్, హెక్సా వర్క్‌షీట్ గురించి

ప్రశ్న: 11వ తరగతి పిల్లలకి ట్యూషన్ చెప్తున్నాను. నంబర్ సిస్టమ్స్ మీద వర్క్‌షీట్ తయారు చేస్తున్నా. వెనక కీ ఇస్తే చూసి రాసేస్తున్నారు. అందుకని కీ తీసేసి "వెనక్కి మార్చి మీరే సరిచూసుకోండి" అన్నాను. అందరూ టిక్కులు పెట్టి ఇస్తున్నారు, తీరా దిద్దితే బోలెడు తప్పులు. ఎలాంటి లెక్కలివ్వాలి, ఎలా సరిచూడమనాలి?

జవాబు:

వెళ్లిన దారిన వెనక్కి రాకూడదండి, వేరే దారిన రావాలి. మీ వర్క్‌షీట్లో లోపం అదే అయి ఉంటుంది. ఒకే పద్ధతిలో వెళ్లి అదే పద్ధతిలో వెనక్కి వస్తే, వెళ్లేటప్పుడు చేసిన తప్పునే వచ్చేటప్పుడూ చేస్తారు. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొదటి సంఖ్య చక్కగా తిరిగొస్తుంది. టిక్కు పడుతుంది. మీ పిల్లలందరూ దొంగ టిక్కులు పెడుతున్నారని నేననుకోను, వాళ్లలో చాలామందికి లెక్క నిజంగానే సరిపోయి ఉంటుంది.

పాలిటెక్నిక్‌లో డిజిటల్ ఎలక్ట్రానిక్స్ చెప్పిన రోజుల్లో ఇలాంటి పేపర్లు కట్టలు కట్టలు దిద్దాను. ఎక్కువగా కనపడేది ఇది. 156ని బైనరీలోకి మార్చమన్నాం అనుకోండి. పిల్లవాడు 2తో భాగించుకుంటూ పోతాడు:

```
156 ÷ 2 = 78   శేషం 0
 78 ÷ 2 = 39   శేషం 0
 39 ÷ 2 = 19   శేషం 1
 19 ÷ 2 =  9   శేషం 1
  9 ÷ 2 =  4   శేషం 1
  4 ÷ 2 =  2   శేషం 0
  2 ÷ 2 =  1   శేషం 0
  1 ÷ 2 =  0   శేషం 1
```

భాగహారంలో ఏ తప్పూ లేదు. శేషాలు కింది నుంచి పైకి రాస్తే 10011100, అదే సరైన జవాబు. వీడు పై నుంచి కిందికి రాసి 00111001 అన్నాడు. ఇప్పుడు సరిచూడాలి. అంకెల కింద స్థాన విలువలు రాయమంటే ఎడమ నుంచి మొదలుపెట్టి 1, 2, 4, 8, 16, 32, 64, 128 అని రాసుకుంటూ పోయాడు, ఎందుకంటే మనం రాసేదే ఎడమ నుంచి కుడికి కదా, చేతికి అలవాటు. ఒకట్లు ఉన్నచోట విలువలు కూడితే 4 + 8 + 16 + 128 = 156. టిక్కు! జవాబు తప్పు, సరిచూసిన తీరు తప్పు, కూడిక మాత్రం కరెక్ట్. వాడు నిజాయితీగా చేశాడు, అయినా తప్పు దొరకలేదు.

దీనికి మందు తేలికే. స్థాన విలువల వరుసని పిల్లల చేత రాయించకండి, వర్క్‌షీట్ మీద మీరే అచ్చు వేయించండి. గడుల పైన 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని ముందే ఉంటే, వాడు 00111001ని ఆ గడుల్లో నింపగానే 32 + 16 + 8 + 1 = 57 వస్తుంది. 156 ఎక్కడ, 57 ఎక్కడ. వాడంతట వాడే ఆగి చూసుకుంటాడు. నాలుగైదు లెక్కలయ్యాక అచ్చు వేసిన వరుస తీసేసి, కుడి చివర గడి మీద 1 అని మాత్రం ఉంచి మిగతావి వాళ్లని నింపమనండి. అప్పటికి దిశ తలలోకి ఎక్కేసి ఉంటుంది.

రెండోది ఇంకా మోసపూరితమైనది, దీన్ని గడులు కూడా పట్టుకోలేవు. కొందరు టీచర్లు భాగహారం కాకుండా స్థాన విలువలు తీసివేసే పద్ధతి నేర్పుతారు. ఇచ్చిన సంఖ్యలో పట్టే అతి పెద్ద స్థాన విలువ ఏది, అది ఎన్నిసార్లు పడుతుంది, మిగిలినదాంట్లో తర్వాతది ఎన్నిసార్లు, అలాగ. మంచి పద్ధతే, స్థాన విలువ అంటే ఏమిటో దీంతోనే బాగా అర్థమవుతుంది. కానీ 1000ని ఆక్టల్లోకి మార్చేటప్పుడు ఒక అమ్మాయి 1, 8, 64 తర్వాత 256 అని రాసుకుందనుకోండి (బైనరీ లెక్కలు చేసీ చేసీ 64 పక్కన 256 గుర్తుండిపోవడం మామూలే, అసలు రావాల్సింది 512). ఆమె లెక్క ఇలా సాగుతుంది: 1000లో 256 మూడుసార్లు, మిగిలింది 232. అందులో 64 మూడుసార్లు, మిగిలింది 40. అందులో 8 ఐదుసార్లు, మిగిలింది 0. జవాబు 3350. అన్నీ 8 కంటే చిన్న అంకెలే, చూడటానికి ఆక్టల్ సంఖ్యలాగే ఉంది. వెనక్కి మార్చింది: 3×256 + 3×64 + 5×8 + 0 = 768 + 192 + 40 = 1000. సరిపోయింది. టిక్కు.

నిజానికి (3350)₈ అంటే 1768. తప్పుడు కొలబద్దతో కొలిచి, అదే కొలబద్దతో మళ్లీ కొలిచి సరిచూసుకుంది. ఇలా పదిసార్లు చూసినా దొరకదు. అదే ఆమెని భాగహారంతో సరిచూడమంటే ఇలా వస్తుంది:

```
1000 ÷ 8 = 125   శేషం 0
 125 ÷ 8 =  15   శేషం 5
  15 ÷ 8 =   1   శేషం 7
   1 ÷ 8 =   0   శేషం 1
```

అంటే 1750. భాగహారంలో 512 అనే సంఖ్య ఎక్కడా రాయాల్సిన పనే లేదు చూడండి, కాబట్టి దాన్ని తప్పుగా గుర్తుపెట్టుకున్నా ఈ దారిలో ఆ తప్పు దూరలేదు. 3350, 1750 పక్కపక్కన కనపడితే ఎక్కడో తేడా ఉందని తెలిసిపోతుంది. అప్పుడు 8×64 ఎంతో చేసి చూస్తుంది.

కాబట్టి వర్క్‌షీట్ మీద ఒక్క వాక్యం పెద్దక్షరాల్లో వేయండి: భాగహారంతో వెళితే స్థాన విలువలతో తిరిగి రావాలి, స్థాన విలువలతో వెళితే భాగహారంతో సరిచూడాలి. ప్రతి లెక్కకీ "ఏ పద్ధతిలో చేశావు", "ఏ పద్ధతిలో సరిచూశావు" అని రెండు చిన్న గడులు పెట్టండి. రెండిట్లోనూ ఒకటే రాసి ఉంటే ఆ టిక్కు చెల్లదు. దిద్దేటప్పుడు మీకూ సుఖం, ముందు ఆ గడులు చూస్తే చాలు.

సరిపోకపోతే ఏం చేయాలనేది చాలామంది చెప్పరు. పిల్లలు మొత్తం కొట్టేసి మళ్లీ మొదటి నుంచి చేస్తారు, టైము వేస్టు. రావాల్సిన సంఖ్యకీ వచ్చిన సంఖ్యకీ తేడా తీయమనండి. తప్పు ఎక్కడ జరిగిందో ఆ తేడాయే చాలాసార్లు చెప్పేస్తుంది. ఇదే 156 లెక్కలో ఎవరైనా రెండో మెట్టు దగ్గర 78 ÷ 2 = 38 అని రాశారనుకోండి. అక్కడి నుంచి 38, 19, 9, 4, 2, 1 అని సాగి జవాబు 10011000 వస్తుంది. స్థాన విలువలతో వెనక్కి మారిస్తే 128 + 16 + 8 = 152. తేడా 4. అంటే 4 విలువ ఉన్న స్థానం దగ్గర చూడాలి. కుడి నుంచి మూడో గడి అది, అక్కడ 1 రావాల్సింది 0 వచ్చింది. ఆ అంకె మూడో మెట్టు శేషం, అంటే ఆ మెట్టులోకి వచ్చిన సంఖ్యే తప్పు, అది రెండో మెట్టు భాగఫలం. మొత్తం లెక్క కొట్టేయక్కర్లేదు, ఆ మెట్టు నుంచి దిద్దుకుంటే చాలు.

తేడా కచ్చితంగా 1, 2, 4, 8, 16 లాంటి ఒక స్థాన విలువ అయితే సాధారణంగా ఒకే చోట తప్పు. వచ్చింది అసలు సంఖ్యలో సరిగ్గా సగం అయితే చివరి సున్నా వదిలేశారు. 100కి 1100100 రావాలి, మొదటి మెట్టు శేషం 0 కదా అని దాన్ని రాయకుండా వదిలేస్తే 110010, అది 50. మధ్యలో సున్నా పోతే ఇంత శుభ్రంగా ఉండదు, 110100 అని రాస్తే 52 వస్తుంది. శేషం సున్నా వస్తే "ఏమీ మిగల్లేదు" అనుకుని రాయకపోవడం అనేది కొత్తగా నేర్చుకునేవాళ్లలో విపరీతంగా కనపడే తప్పు. వాళ్లకి చెప్పాల్సింది ఏమిటంటే ఇక్కడ శేషం మిగిలిన సొమ్ము కాదు, ఆ గడిలో పడాల్సిన అంకె. గడి ఖాళీగా ఉంచకూడదు.

పూర్తిగా వెనక్కి మార్చే ముందు అర నిమిషంలో చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒకటి పొడవు. 156 అనేది 128 కంటే పెద్దది, 256 కంటే చిన్నది కాబట్టి బైనరీలో కచ్చితంగా 8 అంకెలు ఉండాలి. ఏడొచ్చినా తొమ్మిదొచ్చినా ఇక ముందుకెళ్లక్కర్లేదు. హెక్సాలో ఇది ఒక ప్రత్యేకమైన తప్పుని వెంటనే పట్టేస్తుంది. 700ని 16తో భాగిస్తే శేషాలు 12, 11, 2 వస్తాయి, పిల్లలు వాటిని అలాగే దించేసి 21112 అని రాసేస్తారు. 16×16×16 అంటే 4096, 700 దానికంటే చిన్నది, మరి నాలుగో అంకె కూడా ఉండకూడనిచోట అయిదు అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయి? 12కి C, 11కి B అని మార్చుకుంటే 2BC. సరిచూస్తే 2×256 + 11×16 + 12 = 512 + 176 + 12 = 700.

ఇంకోటి అంకెల మొత్తం. మామూలు లెక్కల్లో 9తో చూసుకునే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, సంఖ్యని 9తో భాగిస్తే వచ్చే శేషమూ, దాని అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే వచ్చే శేషమూ ఒకటే. పది కంటే ఒకటి తక్కువ 9 కాబట్టి అలా కుదురుతుంది. ఏ బేస్‌లోనైనా ఇదే కథ, ఆక్టల్ అయితే 7, హెక్సా అయితే 15. మన 1000ని 7తో భాగిస్తే శేషం 6. 1750లో అంకెల మొత్తం 13, 7తో భాగిస్తే శేషం 6, కుదిరింది. 3350లో మొత్తం 11, శేషం 4, కుదరలేదు. ఆ అమ్మాయి రెండుసార్లు లెక్కేసినా దొరకని తప్పు ఒక్క కూడికతో దొరికింది. అయితే దీన్నే నమ్ముకోవడానికి లేదు. శేషాలు తలకిందులుగా రాసి 0571 అన్నా మొత్తం 13 అవుతుంది, ఇది ఒప్పేసుకుంటుంది. అంకెలు అటూ ఇటూ అయిన తప్పుని ఈ పద్ధతి చూడలేదు, దానికి స్థాన విలువలే గతి. బైనరీకైతే ఇది అసలు పనికిరాదు, 1తో భాగిస్తే శేషం ఎప్పుడూ సున్నాయే కదా.

బైనరీ నుంచి ఆక్టల్, హెక్సాకి మార్చేటప్పుడు మూడేసి, నాలుగేసి బిట్లు గుంపులు చేస్తారు. ఇక్కడ తప్పు ఒకే ఒక్క చోట జరుగుతుంది, ఎడమ నుంచి గుంపులు కట్టడం. 1011010111 తీసుకోండి. కుడి నుంచి నాలుగేసి కడితే 10 1101 0111, అంటే 2D7. ఎడమ నుంచి కడితే 1011 0101 11, పిల్లవాడు చివరి 11ని 3 అనుకుని B53 అంటాడు. ఆ సంఖ్యలో ఉన్నవి పది బిట్లు, పది బిట్లతో 1023 దాటలేం, B53 అంటే 2899. పొడవు దగ్గరే దొరికిపోవాలి. ఇలాంటి లెక్కకి నేనిచ్చే సరిచూపు ఏమిటంటే మూడు వైపుల నుంచీ డెసిమల్‌కి రమ్మనడం. బైనరీ నుంచి 512 + 128 + 64 + 16 + 4 + 2 + 1 = 727. హెక్సా నుంచి 2×256 + 13×16 + 7 = 512 + 208 + 7 = 727. ఆక్టల్ గుంపులు 1 011 010 111, అంటే 1327, అక్కడి నుంచి 512 + 192 + 16 + 7 = 727. మూడూ ఒకచోట కలిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. మీ షీట్లో ఇలాంటిది ఒక్కటి చాలు, ఎక్కువిస్తే విసుగొస్తుంది.

ఇక చుక్క ఉన్న సంఖ్యలు. పిల్లలకి ఇక్కడ అసలు టెన్షన్ ఏమిటంటే పూర్ణాంక భాగానికి శేషాలు కింది నుంచి పైకి చదవాలి, భిన్న భాగానికి 2తో గుణించుకుంటూ వచ్చే అంకెలు పై నుంచి కిందికి చదవాలి, ఏది ఎటో కలిసిపోతుంది. రెండిటినీ బట్టీ పట్టించకండి. రెండిట్లోనూ చుక్కకి దగ్గరగా ఉండే అంకే ముందు బయటపడుతుంది, అది ఒక్కటి గుర్తుంటే చాలు. భాగిస్తే మొదట వచ్చేది ఒకట్ల స్థానం, అది చుక్కకి ఆనుకుని ఎడమన ఉంటుంది. గుణిస్తే మొదట వచ్చేది సగం స్థానం, అది చుక్కకి ఆనుకుని కుడిన ఉంటుంది. చుక్క దగ్గర నిలబడి బయటికి రాసుకుంటూ పోవడమే. 13.625 అయితే ఎడమ వైపు 1101, కుడి వైపు 0.625×2 = 1.25, 0.25×2 = 0.5, 0.5×2 = 1.0, అంటే 101. మొత్తం 1101.101.

చుక్క కుడివైపు స్థాన విలువలు సగం, పావు, అరపావు, అందులో సగం. వీటిని చెప్పడానికి మన పాత డబ్బుల లెక్క కంటే మంచిది నాకు దొరకలేదు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు రాకముందు రూపాయికి పదహారు అణాలు. అర్ధరూపాయి, పావలా, బేడ, అణా అంటే వరుసగా 1/2, 1/4, 1/8, 1/16, అచ్చంగా బైనరీ చుక్క తర్వాతి నాలుగు గడులే. 0.101 అంటే ఒక అర్ధరూపాయి, పావలా లేదు, ఒక బేడ. ఎనిమిదణాలు, రెండణాలు, మొత్తం పదణాలు. పదహారులో పది, హెక్సాలో 0.A. అందుకే 1101.101ని హెక్సాలోకి గుంపు చేసేటప్పుడు చుక్క తర్వాత ఉన్న 101కి కుడివైపు సున్నా చేర్చి 1010 చేయాలి. ఎడమవైపు చేర్చి 0101 చేస్తే 0.5, అంటే అయిదణాలు, పదణాలున్నవాడు అయిదణాలు అన్నట్టు. సరిచూస్తే D.A అంటే 13 + 10/16 = 13.625, D.5 అయితే 13.3125.

ఇప్పుడు పది నయాపైసలు ఇచ్చి అణాల్లో చిల్లర అడిగితే? అణాకి ఆరుంపావు నయాపైసలు, పది పైసలంటే ఒకటిన్నర అణా కంటే కాస్త ఎక్కువ, సరిగ్గా ఇవ్వలేరు. 0.1ని బైనరీలోకి మార్చబోతే జరిగేదీ అదే. 0.2, 0.4, 0.8, 1.6, 1.2 అని వచ్చి మళ్లీ 0.4 దగ్గరికి చేరి గానుగెద్దులా తిరుగుతుంది: 0.000110011 అని 0011 ఎప్పటికీ ఆగదు. భిన్నాన్ని పూర్తిగా సూక్ష్మీకరించాక కూడా హారంలో 2 తప్ప వేరే ప్రధాన సంఖ్య ఏది ఉన్నా బైనరీలో ఆగదు, 1/10లో 5 ఉంది.

మీ వర్క్‌షీట్‌కి ఇది ఎందుకు ముఖ్యమంటే, ఇక్కడ వెనక్కి మారిస్తే సరిపోదు, అయినా జవాబు తప్పు కాదు. ఎనిమిది బిట్ల దగ్గర ఆపమంటే 0.00011001, వెనక్కి మారిస్తే 1/16 + 1/32 + 1/256 = 25/256 = 0.09765625. పిల్లవాడు కంగారుపడి కొట్టేసి మళ్లీ చేస్తాడు. కాబట్టి ఆపేసిన భిన్నాలకి నియమం వేరుగా చెప్పాలి: తేడా చివరి గడి విలువ కంటే తక్కువ ఉండాలి, అసలు సంఖ్య కంటే ఎక్కువ రాకూడదు. ఇక్కడ తేడా 0.00234375, చివరి గడి 1/256 అంటే 0.00390625. తక్కువే ఉంది, కాబట్టి టిక్కు. తేడా దానికంటే ఎక్కువ వచ్చినా, వచ్చిన సంఖ్య 0.1 దాటినా ఎక్కడో తప్పుంది.

ఈ చిన్న తేడాతో ఏమవుతుంది సార్ అని ఎవడో ఒకడు అడుగుతాడు. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో పేట్రియాట్ క్షిపణి వ్యవస్థ వచ్చే స్కడ్ క్షిపణిని అడ్డుకోలేకపోయింది, 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. దాని గడియారం సెకనులో పదో వంతుల్ని లెక్కపెట్టేది. ఆ 0.1ని 24 బిట్ల దగ్గర కత్తిరించారు, ఒక్కోసారి పోయేది దాదాపు 0.000000095 సెకను. అప్పటికి ఆ యంత్రం సుమారు 100 గంటలుగా ఆపకుండా నడుస్తోంది, అంటే 36 లక్షల పదో వంతులు, గుణిస్తే మూడో వంతు సెకను తేడా. స్కడ్ వేగానికి అంత తేడా అంటే యంత్రం తప్పు చోట వెతికినట్టే.

లెక్కల ఎంపిక గురించి అడిగారు. ముందు ఏవి ఇవ్వకూడదో చెప్తాను. ఎటు నుంచి చదివినా ఒకేలా ఉండే బైనరీ వచ్చేవి వద్దు. 9 అంటే 1001, 27 అంటే 11011, 45 అంటే 101101, 51 అంటే 110011, 73, 85, 99 కూడా అంతే. వీటిలో శేషాలు తలకిందులుగా రాసినా జవాబు కరెక్టే వస్తుంది, మీరు మార్కులేస్తారు, వాడికి పద్ధతి వచ్చేసిందనుకుంటాడు. 99 మన అందరికీ బోర్డు మీద చటుక్కున తట్టే సంఖ్య, పైగా అదొక్కటి చాలు మొత్తం క్లాసుని పక్కదారి పట్టించడానికి.

ఇవ్వాల్సినవి చివర సున్నాలు, మధ్యలో సున్నాలు వచ్చేవి. 100, 156, 200 (అది 11001000) బైనరీకి బాగుంటాయి. ఆక్టల్‌కి 1000తో పాటు 520 ఇవ్వండి, జవాబు 1010 వస్తుంది, పిల్లలు అది చూసి బైనరీలోకి మార్చేశానేమో అని ఉలిక్కిపడతారు. అప్పుడే బేస్ కింద రాయడం ఎందుకో అర్థమవుతుంది: (1010)₂ అంటే 10, (1010)₈ అంటే 520, (1010)₁₆ అంటే 4112. బేస్ రాయని జవాబుని సరిచూడటం ఎవరి వల్లా కాదు, కాబట్టి రాయకపోతే మార్కు తీసేయండి, నేను తీసేసేవాణ్ణి. హెక్సాకి 700, 727. చుక్క ఉన్నవి 13.625, ఆగని దానికి 0.1 ఒక్కటే. వీటి మధ్యలో ఎక్కడో (128)₈ని డెసిమల్లోకి మార్చమని ఒకటి దూర్చండి. ఆక్టల్లో 8 అనే అంకే లేదు, కానీ స్థాన విలువలు వేస్తే 64 + 16 + 8 = 88 అని దర్జాగా వస్తుంది. ఇలాంటి సంఖ్యే ఉండదు అని రాసినవాళ్లకే మార్కు. 88 అని రాసినవాళ్లని భాగహారంతో సరిచూడమనండి, 88ని 8తో భాగించుకుంటూ పోయి శేషాలు రాస్తే 130 వస్తుంది, 128 రాదు, అప్పుడు తెలుసుకుంటారు.

మీ దగ్గరుండే కీ మాత్రం చేత్తో చేయకండి, పైథాన్‌లో ఒక నిమిషం పని:

```
>>> bin(156)
'0b10011100'
>>> int('10011100', 2)
156
>>> oct(1000)
'0o1750'
>>> hex(727)
'0x2d7'
```

ముందున్న 0b, 0o, 0x బేస్ చెప్పే గుర్తులు, జవాబులో భాగం కాదు. int('128', 8) అని కొడితే ValueError వస్తుంది, పిల్లలకి అది చూపించవచ్చు. bin భిన్నాలు తీసుకోదు, 13.625, 0.1 లాంటివి మీరు చేత్తోనే చేసుకోవాలి. మార్కుల విషయానికొస్తే లెక్కకి నాలుగు మార్కులు అనుకుంటే జవాబుకి రెండు, వేరే దారిన సరిచూసినందుకు రెండు ఇవ్వండి. జవాబు తప్పై, సరిచూసి "సరిపోలేదు, తేడా ఇంత" అని రాసి వదిలేసినవాడికి ఆ రెండూ ఇచ్చేయండి. అలా రాయకుండా టిక్కు పెట్టినవాడికి ఏమీ వద్దు. రెండు వారాల్లో టిక్కులు తగ్గి తేడాలు రాయడం మొదలవుతుంది, వాటిని చూస్తే ఎవరికి భాగహారం రావట్లేదో, ఎవరికి దిశ తెలియట్లేదో మీకు కాగితం మీదే కనపడుతుంది.